సిబిల్ పడిపోయిందా? స్కోరు పక్కన పెట్టి రిపోర్టు చదవండి

ఇంటి లోను కోసం బ్యాంకుకు వెళ్తే జీతం స్లిప్పు తీసి చూపించేలోపే ‘మీ సిబిల్ ఎంత?’ అని అడుగుతున్నారు. తక్కువుందని తెలిసిన మనిషి బయటికొచ్చి మొదట చేసే పని, స్కోరు పెంచే చిట్కాల కోసం ఫోన్లో వెతకడం. అక్కడ ఒక లెక్క ప్రతిచోటా కనిపిస్తుంది: వాయిదాల చెల్లింపుకు 35 శాతం, బాకీ ఎంతుందన్నదానికి 30, ఖాతాల వయసుకు 15, మిగతావాటికి పదేసి. ఇది అమెరికాలో ఫైకో అనే సంస్థ తన స్కోరు గురించి చెప్పిన లెక్క. మన దగ్గర సిబిల్ తన సూత్రాన్ని పూర్తిగా బయటపెట్టదు. కాబట్టి ‘ఇది చేస్తే 40 పాయింట్లు పెరుగుతాయి’ అని ఎవరైనా కచ్చితంగా చెబుతుంటే నమ్మనక్కర్లేదు.

సూత్రం తెలియకపోయినా, ఆ సూత్రంలోకి వెళ్లే సరుకు మాత్రం పూర్తిగా మన కళ్ల ముందే ఉంటుంది. అదే క్రెడిట్ రిపోర్టు. మనం సిబిల్ అని ఒక్క పేరుతో పిలుస్తున్నా, దేశంలో ఇలాంటి సంస్థలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. అన్నింట్లోనూ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమ దగ్గర అప్పున్న ప్రతి మనిషి వివరాలనూ వీటికి పంపాలి. 2025 జనవరి నుంచి కనీసం పక్షానికి ఒకసారి పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. స్కోరు ఈ అప్పుల చరిత్రను మాత్రమే చూస్తుంది. మీ జీతం, బ్యాంకులో దాచుకున్న డబ్బు, ఊళ్లో ఉన్న పొలం దాని లెక్కలోకి రావు. లక్షల ఆస్తి ఉన్నవాళ్లకు 620, నెలకు పాతిక వేలు సంపాదించేవాళ్లకు 780 ఉండటం అందుకే.

ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును, స్కోరుతో సహా, ఈ నాలుగు సంస్థలూ ఉచితంగా ఇవ్వాలి. వాటి వెబ్‌సైట్లలో డబ్బు కట్టే ప్లాన్లే ముందు కనిపిస్తాయి. కాస్త ఓపిగ్గా వెతికితే ఉచిత రిపోర్టు లింకు దొరుకుతుంది. మన రిపోర్టు మనం ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు.

ఇప్పుడు ఒక రిపోర్టు తెరుద్దాం. ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ది అనుకోండి. స్కోరు 648. ఇంటి లోను రాలేదు. ‘నేను ఎవరికీ ఎగ్గొట్టలేదు’ అన్నది ఆయన వాదన. రిపోర్టు మాత్రం నాలుగు సంగతులు చెబుతోంది.

మొదటిది ఒక పాత క్రెడిట్ కార్డు. కరోనా రోజుల్లో జీతాలు ఆగిపోయినప్పుడు బిల్లు కట్టలేక, వడ్డీలతో బాకీ 62,000 రూపాయలకు చేరింది. 2022లో రికవరీ వాళ్లు ఫోన్ చేసి 35,000 కడితే చాలన్నారు. కట్టారు. ఆయన దృష్టిలో ఆ లెక్క అక్కడితో ముగిసింది. రిపోర్టులో మాత్రం ఆ ఖాతా ‘సెటిల్డ్’ అని ఉంది. తనకు రావాల్సిన దాంట్లో 27,000 వదులుకున్నానని ఆ బ్యాంకు రాసిందన్న మాట. పూర్తిగా కట్టేస్తే రావాల్సిన మాట ‘క్లోజ్డ్’. లోను ఇవ్వబోయే కొత్త బ్యాంకు స్కోరు కంటే ముందు ఈ మాటనే చూస్తుంది.

రెండోది బావమరిది కొన్న బైకు. ఆ లోనుకు ఈయన షూరిటీ సంతకం పెట్టారు. బండి ఆయనది కాకపోయినా, ఆ లోను హామీదారు హోదాలో ఆయన రిపోర్టులోకి వచ్చింది. ప్రతి ఖాతా కింద 36 నెలల గడులుంటాయి. ఒక్కో గడిలో ఆ నెల వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకె ఉంటుంది. దీన్నే డీపీడీ అంటారు. 000 గానీ STD గానీ ఉంటే ఇబ్బంది లేదు. ఈయన గడుల్లో ఒక నెల 028, తర్వాతి నెల 058 ఉన్నాయి. అంటే బావమరిది రెండు వాయిదాలు తప్పాడు. ఈ అంకె 90 దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీగా లెక్కేస్తుంది, అక్కడి నుంచి పైకి రావడం చాలా కష్టం. అమెరికాలో చదివే పిల్లల కోసం ఎడ్యుకేషన్ లోనుపై సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ ఉద్యోగం ఆలస్యమై ఇక్కడ వాయిదా తప్పితే మచ్చ ఇద్దరి రిపోర్టుల్లోనూ పడుతుంది.

మూడోది చాలామందికి అన్యాయంగా తోచే సంగతి. ఆయన దగ్గర ఇంకో కార్డుంది, లిమిట్ 60,000. సరుకులు, పెట్రోలు, ఫీజులు అన్నీ దానిమీదే. ప్రతి నెలా 48,000 దాకా బిల్లు వస్తుంది, గడువులోగా మొత్తం కట్టేస్తారు. ఒక్క రూపాయి వడ్డీ పడలేదు. అయినా రిపోర్టులో ఆ కార్డుపై ఎప్పుడు చూసినా 48,000 బాకీయే కనిపిస్తోంది, ఎందుకంటే బ్యాంకు పంపేది ఆ రోజుకు ఖాతాలో ఎంతుందన్న లెక్క. బిల్లు తయారైన తర్వాత, మీరు కట్టేలోపు ఆ లెక్క వెళ్లిపోతే, లిమిట్‌లో 80 శాతం వాడేసిన మనిషిగా మీరు నమోదవుతారు. 30 శాతం లోపు ఉండటం మంచిదని ఈ రంగంలో అందరూ చెప్పే మాట.

నాలుగోది ఎంక్వయిరీల పట్టిక. ఇంటి లోను రాలేదని ఆయన ఒకే నెలలో ఆరు లోను యాప్‌లలో దరఖాస్తు పెట్టారు. మనం అప్పు కోసం దరఖాస్తు చేసినప్పుడు ఆ సంస్థ మన రిపోర్టు తెప్పించుకున్న ప్రతిసారీ ఒక వరుస చేరుతుంది. వరసగా ఆరుంటే, ఈ మనిషికి డబ్బు కటకటగా ఉందని తర్వాతి సంస్థ అనుకుంటుంది. నాలుగింట్లో ఇదే చిన్న తప్పు. కొన్ని నెలలు కొత్త దరఖాస్తులు మానేస్తే దీని ప్రభావం దానంతటదే తగ్గుతుంది.

బాగు చేయడం మొదలుపెడితే అన్నిటికంటే త్వరగా లొంగేది కార్డు వాడకం. బిల్లు తయారయ్యే తేదీకి నాలుగైదు రోజుల ముందే 35,000 కట్టేస్తే బిల్లులో 13,000 మిగులుతుంది. 60,000 లిమిట్‌లో అది సుమారు 22 శాతం. ఖర్చు ఒక్క రూపాయి తగ్గించనక్కర్లేదు, కట్టే తేదీ జరిపితే చాలు. నెలా రెండు నెలల్లో రిపోర్టులో తేడా తెలుస్తుంది. వాడని పాత కార్డు ఉంటే, దానికి ఏటా ఫీజు పడకపోతే, మూసేయకపోవడమే మేలు. మూసేస్తే మొత్తం లిమిట్ తగ్గి వాడకం శాతం పెరుగుతుంది. ‘మినిమం డ్యూ’ మాత్రమే కట్టడం వల్ల డీపీడీ పడదన్నది నిజమే. కానీ నెలకు 3 శాతానికి పైగా వడ్డీ వసూలు చేసే కార్డులు చాలా ఉన్నాయి. బాకీ కొండలా పెరిగి మళ్లీ సెటిల్‌మెంటు దాకా తెస్తుంది.

బైకు లోను సంగతికి దగ్గరదారి లేదు. తప్పిన వాయిదాలు వెంటనే కట్టించాలి, లేదా తానే కట్టాలి. పడిన 058ను నిజమైనదైతే ఎవరూ చెరపలేరు. దాని తర్వాత వచ్చే ప్రతి 000 దాన్ని కాస్త కాస్త వెనక్కి నెడుతుంది. బావమరిదితో మాట్లాడి ఆ వాయిదాను ఆటో డెబిట్‌లో పెట్టించి, ప్రతి నెలా కట్టిన మెసేజ్ తనకూ పంపమనడం కొంచెం మొహమాటమైన పనే. సంతకం పెట్టాక మొహమాటానికి చోటు లేదు.

సెటిల్‌మెంటు మచ్చకు ఎక్కువ ఓపిక కావాలి. ముందు ఆ కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఈమెయిల్ పెట్టాలి: ‘సెటిల్‌మెంటులో మాఫీ చేసిన మొత్తం కట్టడానికి సిద్ధంగా ఉన్నాను, ఎంత కట్టాలో రాతపూర్వకంగా తెలపండి, కట్టాక ఖాతాను క్లోజ్డ్‌గా మార్చి నో డ్యూస్ సర్టిఫికెట్ ఇవ్వండి.’ 27,000 మాత్రమే అడగవచ్చు, పైన వడ్డీ కూడా అడగవచ్చు. ఇక్కడ బేరానికి వీలుంది. రాతలో సమాధానం రాకుండా, ఫోన్లో ఎవరో చెప్పారని డబ్బు కట్టకండి. బాకీని ఆ బ్యాంకు వేరే ఆస్తుల పునర్నిర్మాణ సంస్థకు అమ్మేసి ఉంటే, ఇకపై మాట్లాడాల్సింది ఆ సంస్థతోనే. ఎవరికి అమ్మారో బ్యాంకు చెప్పాలి. డబ్బు కట్టాక నెల ఆగి రిపోర్టు తీసి చూడాలి. హోదా మారినా పాత ఆలస్యాల గడులు అలాగే ఉంటాయి. అందుకే స్కోరు ఒక్కసారిగా ఎగరదు. కానీ లోను ఆఫీసరు చూసే కాగితంపై బాకీ సున్నా ఉంటుంది, చేతిలో నో డ్యూస్ ఉంటుంది. చాలాచోట్ల ఫైలు కదిలేది దీనివల్లే.

కార్డులు, లోన్లు ఏవీ ఇవ్వనంటే ఇంకో దారి ఉంది. 20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని హామీపై బ్యాంకు ఇచ్చే కార్డు తీసుకోవాలి. నెలకు రెండు మూడు వేలు వాడి మొత్తం కట్టేస్తూ పోతే ప్రతి నెలా ఒక మంచి గడి చేరుతుంది.

ఇవన్నీ నిజంగా జరిగిన పొరపాట్లకు మందు. జరగనివి రిపోర్టులోకి ఎక్కితే? మనవాళ్లకు ఈ బెడద ఎక్కువే. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి ‘కె. వెంకటేశ్వరరావు’ అని రాసుకునే ఊళ్లో ఒకరి లోను ఇంకొకరి ఖాతాలో పడటం వింత కాదు. రిపోర్టులో పాన్ నంబరు, పుట్టిన తేదీ, చిరునామాలు, ఫోన్ నంబర్లు ముందు చూడండి. మీది కాని చిరునామా కనిపిస్తే మీది కాని అప్పు కూడా ఉండే అవకాశం ఉంది. కట్టేసిన లోను ఇంకా బాకీ చూపిస్తుండటం మరో మామూలు తప్పు.

దీనికి సిబిల్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా డిస్ప్యూట్ పెట్టవచ్చు. సిబిల్ తనంతట తాను ఏ అంకెనూ మార్చదు. లోను ఇచ్చిన సంస్థను అడుగుతుంది, అది ఒప్పుకుంటేనే మారుస్తుంది. అందుకే అదే రోజు ఆ బ్యాంకుకూ రశీదులు జతచేసి ఫిర్యాదు రాయాలి. మొత్తం పని 30 రోజుల్లో పూర్తి కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం చెల్లించాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదు నంబరు, తేదీ దాచుకోండి. పరిహారం అడగాలంటే అవే ఆధారం. అప్పటికీ తేలకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికీ ఫీజు లేదు.

ఇన్ని ఉచిత దారులుండగా, ఐదు వేలిస్తే సిబిల్ క్లీన్ చేస్తామని వాట్సాప్‌లో వచ్చేవాళ్లతో మీకు పని లేదు. తప్పుడు ఎంట్రీ అయితే మీరే తీయించుకోగలరు, నిజమైనదైతే వాళ్లూ తీయలేరు. వాళ్లకు పాన్ కాపీ, ఓటీపీ ఇచ్చారంటే మీ పేరుమీద ఇంకో లోను పుట్టవచ్చు. ఇంటి లోను ఆలోచన ఉంటే దరఖాస్తుకు కనీసం ఆరు నెలల ముందే రిపోర్టు తీసుకోండి.