కొత్త టీచరుతో మాట ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ నోటిఫికేషన్లు వచ్చాయి. ఇంత పోటీని దాటుకుని బడిలో అడుగుపెట్టినవారికి బోధనా పద్ధతులు తెలియకపోవు. అయినా మొదటి ఏడాది వాళ్ల మనసులో తిరిగేవి వేరే ప్రశ్నలు: పిల్లలు నా మాట వింటారా, హెచ్చెమ్ నా గురించి ఏమనుకుంటున్నారు, ఈ పీరియడ్ గట్టెక్కుతుందా? అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1969లోనే ఈ ఆందోళనలకు ఒక వరస ఉందని చెప్పారు. మొదట తన గురించి, తరవాత బోధించే పని గురించి, చివరికి పిల్లలు నేర్చుకుంటున్నారా లేదా అన్నదాని గురించి. సైమన్ వీన్‌మన్ అనే పరిశోధకుడు 1984లో 83 అధ్యయనాలను సమీక్షిస్తే, కొత్త టీచర్ల సమస్యల్లో క్లాసు క్రమశిక్షణే మొదటి స్థానంలో తేలింది. మన మెంటర్లు చాలామంది మూడో మెట్టు నుంచి సలహా మొదలుపెడతారు. మొదటి మెట్టు మీదున్న మనిషికి అది వినిపించదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మూడో తరగతి, 26 మంది పిల్లలు, అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలు. బోర్డు మీద 52 - 27. కొత్తగా చేరిన ఎస్‌జీటీ పుల్లల కట్టలు పంచుతుంటే గోల లేచింది. పాఠం సగంలో ఉండగానే గంట కొట్టారు. చాలామంది పిల్లలు 35 అని రాశారు: ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసేశారు. వెనక బెంచీలో కూర్చున్న మెంటర్‌కు ఈ తప్పు వెంటనే కనిపిస్తుంది, నోటి చివరి దాకా వస్తుంది కూడా. కానీ టీచరు అడిగేది, ‘క్లాసు కంట్రోల్ తప్పింది కదండీ?’ అని. అప్పుడు మెంటర్ తీర్పు చెప్పకుండా, రాసుకున్నది చూపించాలి. 10:05కు కట్టలు పంచడం మొదలైంది, 10:17కు ముగిసింది, గోలంతా ఆ పన్నెండు నిమిషాల్లోనే. ‘లెక్క చెబుతున్నప్పుడు గోల లేదు మేడమ్, పంచుతున్నప్పుడే ఉంది. రేపు ఏం మారుద్దాం?’ అని అడిగితే, కట్టలు ముందుగానే బల్లల మీద పెట్టాలని ఆమెకే తోస్తుంది. తను అసమర్థురాలినన్న భయం పోయి, చేతికందే పని ఒకటి మిగులుతుంది. ఆ రోజుకు అది చాలు. 35 సంగతి వచ్చేవారానికి: ఇద్దరూ కూర్చుని నోట్‌బుక్స్‌ను 25 వచ్చినవి, 35 వచ్చినవి, ఇంకేదో వచ్చినవి అని మూడు దొంతర్లుగా వేస్తే, తిరిగి చెప్పాల్సిన పాఠం ఆమెకే అర్థమవుతుంది.

అంతవరకూ పిల్లలు తప్పు లెక్కలతో ఉండాలా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ రోజే రెండూ చెబితే రెండూ జారిపోయే ప్రమాదం ఎక్కువ. క్లుగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తరవాత పనితీరు తగ్గింది. చేస్తున్న పని మీద నుంచి తన మీదకు దృష్టి మళ్లేకొద్దీ ఫలితం పడిపోతుందని వాళ్ల వివరణ. ‘మీకు క్లాసు కంట్రోల్ రాదు’ అన్న మాట చేసేది సరిగ్గా అదే. ఇక ఫుల్లర్ మెట్లు అంత వరసగా ఉండవని తరవాతి పరిశోధకులు చూపించారు. తొలి నెలలోనే పిల్లల చదువు గురించి బెంగపడే టీచర్లూ ఉన్నారు. కాబట్టి దశను నెల చూసి నిర్ణయించకూడదు. ‘ఇవాళ ఏది ఇబ్బంది పెట్టింది?’ అని ఆమెనే అడగాలి. మొదట బెంగంతా 35 గురించే అయితే, మొదట మాట్లాడాల్సిందీ దాని గురించే.

మెంటరింగ్ వల్ల నిజంగా పిల్లలకు లాభం ఉందా అన్నది కఠినమైన ఆక్షేపణ. అమెరికాలో లాటరీ పద్ధతిన బడులను ఎంచి చేసిన ఒక పెద్ద అధ్యయనంలో, ఒక్క ఏడాది సాయం అందిన చోట పిల్లల మార్కుల్లో తేడా రాలేదు. రెండేళ్లు అందిన చోట మూడో ఏడాదిలో వచ్చింది. టీచర్లు ఉద్యోగంలో నిలవడంలో మాత్రం రెండు చోట్లా తేడా లేదు. ఇంగ్లండ్ 2021 నుంచి కొత్త టీచర్లకు రెండేళ్ల తోడ్పాటు తప్పనిసరి చేసింది. మన దగ్గర చేరగానే కొద్దిరోజుల శిక్షణ, ఆపైన స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు. వాటిలో ఒక టీచరు క్లాసు గురించి విడిగా కూర్చుని మాట్లాడే వ్యవధి దొరకదు.

తోటి సీనియర్ టీచరుకు వారానికి ఒక పీరియడ్ ఖాళీ ఇచ్చి, ఆ పీరియడ్‌లో కొత్తవారి క్లాసు చూడమనడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఏకోపాధ్యాయ బడుల్లో మాత్రం పక్క ఊరి టీచరు రావాలి, దానికి ఉత్తర్వు కావాలి. ఒక షరతు మాత్రం తప్పదు. మెంటర్ రాసుకున్న కాగితం ఎంఈవో ఫైల్లోకి వెళ్లకూడదు. వెళుతుందని తెలిసిన రోజున కొత్త టీచరు తన ఇబ్బంది చెప్పడం మానేసి, చూపించడానికి పనికొచ్చే పాఠం ఒకటి సిద్ధం చేసుకుంటుంది.