సీలు విప్పకముందు వినాల్సిన మాటలు

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నీట్ పరీక్షా కేంద్రం గేటు మూసేస్తారు. పిల్లలంతా ఎవరి నంబరు దగ్గర వాళ్లు కూర్చున్నాక, ఇన్విజిలేటర్ చేతిలోని కాగితం చూస్తూ సూచనలు చదవడం మొదలుపెడతారు. చాలామంది పిల్లలు సరిగ్గా ఆ సమయంలోనే కళ్లు మూసుకుని, రాత్రి చదివిన ఫార్ములాలు నెమరేసుకుంటూ ఉంటారు. చెవిన పడని ఆ మాటల్లోనే ఏడాది కష్టాన్ని కాపాడే సంగతులు కొన్ని ఉంటాయి.

ముందుగా సమయం. 2025 నీట్‌లో 1:30 నుంచి 1:45 వరకు సూచనలు చదివి, అడ్మిట్ కార్డులు చూశారు. 1:45కి సీలు వేసిన ప్రశ్నపత్రం బుక్‌లెట్లు పంచారు. 1:50 నుంచి దాని మీద వివరాలు రాయించారు. రెండింటికి మొదలైన పరీక్ష ఐదింటికి ముగిసింది. చేతి గడియారాలను లోపలికి రానివ్వరు కాబట్టి గోడ గడియారమే ఆధారం. అది తన సీటు నుంచి కనిపిస్తోందో లేదో విద్యార్థి ఈ పావుగంటలోనే చూసుకోవాలి. మొదటి గంటలోనూ చివరి అరగంటలోనూ బాత్రూమ్‌కు వెళ్లనివ్వరని చెప్పేది కూడా ఇప్పుడే.

బుక్‌లెట్ చేతికి రాగానే సీలు విప్పకూడదు. ఇన్విజిలేటర్ చెప్పాకే విప్పి, లోపలున్న ఓఎంఆర్ షీటు బయటికి తీయాలి. అప్పుడు వినిపించే ఒక వాక్యాన్ని మాత్రం ఎవరూ వదులుకోకూడదు: "బుక్‌లెట్ మీదున్న కోడ్, షీటు మీదున్న కోడ్ ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే వెంటనే చెయ్యెత్తండి."

ఆ కోడ్ కథేమిటో చూద్దాం. పక్కపక్కవాళ్లు చూసి రాయకుండా, అవే ప్రశ్నల వరుస మార్చి నాలుగు రకాల బుక్‌లెట్లు అచ్చు వేస్తారు. 2025లో వాటి కోడ్‌లు 45, 46, 47, 48. ఒకమ్మాయి బుక్‌లెట్ 46, షీటు 48 అనుకుందాం. ఆమె ఏడో ప్రశ్నకు రాసిన జవాబు సరైనదే. కానీ 48లో ఏడో ప్రశ్న వేరు. యంత్రం షీటు మీది కోడ్ ప్రకారం దిద్దితే, 180 జవాబులనూ వేరే ప్రశ్నల కీతో పోల్చినట్టవుతుంది. నాలుగు ఆప్షన్లలో ఒకటి కాబట్టి గుడ్డిగా సరిపోయేవి సుమారు 45. వాటికి నాలుగేసి చొప్పున 180 మార్కులు. మిగిలిన 135 తప్పులకు ఒక్కో మార్కు కోత. చివరికి మిగిలేవి 45 మార్కులు. అన్నీ సరిగ్గా రాసి 720 తెచ్చుకోవాల్సిన పిల్ల పరిస్థితి ఇదీ. అందుకే కోడ్ తేడా వస్తే షీటు ఒక్కటే కాదు, బుక్‌లెట్‌తో కలిపి రెండూ మారుస్తారు. జవాబులు నింపకముందే చెబితే అది రెండు నిమిషాల పని. పేజీలు లెక్కకు తక్కువగా ఉన్నా, అచ్చు అలుక్కుపోయినా అప్పుడే చెప్పాలి.

ఇక సందేహాలు. చెయ్యెత్తితే ఇన్విజిలేటర్ వస్తారు గానీ, ప్రశ్నకు అర్థం మాత్రం చెప్పరు. చెప్పకూడదు కూడా. ఒక గదిలో చెప్పిన వివరణ మిగతా గదుల్లో వాళ్లకు అందదు కదా. తెలుగు మాధ్యమం ఎంచుకున్నవారికి ఇచ్చే బుక్‌లెట్‌లో తెలుగుతో పాటు ఇంగ్లిష్ పాఠం కూడా ఉంటుంది. తెలుగు వాక్యం అర్థం కాకపోయినా, పొసగకపోయినా ఇంగ్లిష్ వాక్యం చూసుకోవాలి. రెండింటికీ తేడా వస్తే ఇంగ్లిష్‌దే తుదిమాట. 2018లో తమిళ ప్రశ్నపత్రంలోని 49 ప్రశ్నల్లో అనువాద దోషాలున్నాయని కేసు నడిచింది. తమిళంలో రాసినవారికి 196 మార్కులు కలపాలని మద్రాస్ హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి తర్వాత ఎవరో న్యాయం చేస్తారని ఆగకుండా, హాల్లోనే రెండు పాఠాలూ చదువుకోవడం మంచిది. ప్రశ్నే తప్పనిపిస్తే దాని నంబరు గుర్తుపెట్టుకుని ముందుకు సాగాలి. ప్రాథమిక కీ వచ్చాక అభ్యంతరం తెలిపే వీలుంటుంది.

చివరి మాట సంతకం గురించి. హాజరు పట్టీలో రెండుసార్లు సంతకం పెట్టాలి. రెండోది ఓఎంఆర్ షీటు తిరిగి ఇచ్చేటప్పుడు పెట్టాల్సింది. అది పెట్టకపోతే షీటు అప్పగించనట్టే లెక్క. ఐదింటికి గంట కొట్టగానే లేచిపోయే హడావిడిలో పిల్లలు మరిచిపోయేది దీన్నే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పరీక్షకు ముందురోజు పిల్లల చేత మరో మాక్ టెస్ట్ రాయించే బదులు, అడ్మిట్ కార్డుతో వచ్చిన సూచనలను వాళ్లతో ఒకసారి పైకి చదివించండి. మర్నాడు హాల్లో ఇన్విజిలేటర్ చదివేటప్పుడు అవి తెలిసిన మాటలుగా వినిపిస్తాయి. ఏదైనా తేడా కనిపిస్తే సమయానికి చెయ్యి లేస్తుంది.