తప్పు వాక్యం రాయడమే కష్టం

"ప్రూడెన్స్ సూత్రం ప్రకారం లాభాలను తగ్గించి, నష్టాలను పెంచి చూపాలి." ఒప్పా, తప్పా? కామర్స్ చదివే పిల్లలు తడుముకోకుండా ఒప్పు అనేసే వాక్యమిది. కానీ తప్పు. ఇంకా ఖాయం కాని లాభాన్ని లెక్కలోకి తేవద్దనీ, వచ్చే సూచనలున్న నష్టానికి ముందే కేటాయింపు చెయ్యమనీ మాత్రమే ప్రూడెన్స్ చెబుతుంది. లేని నష్టాన్ని కల్పించమని చెప్పదు. అలా కల్పిస్తే అది రహస్య నిధి అవుతుంది, ఖాతాలు చూసేవాళ్లను పక్కదారి పట్టించినట్టే.

అకౌంటింగ్ సూత్రాల మీద ఒప్పు-తప్పుల క్విజ్ బ్యాంకు తయారుచేసేవాళ్లు వెతకాల్సింది ఇలాంటి వాక్యాల కోసమే. పాఠ్యపుస్తకంలోని నిర్వచనం తీసుకుని చివర 'కాదు' తగిలిస్తే తప్పు వాక్యం తయారైపోతుంది గానీ, దాన్ని గుర్తుపట్టడానికి జ్ఞాపకశక్తి చాలు. విద్యార్థి మనసులో నిజంగా ఉన్న అపోహే వాక్యంగా మారాలి. అందుకు మంచి గని దిద్దిన జవాబు పత్రాలు. పదిమంది ఒకే చోట పొరబడితే అక్కడో ప్రశ్న ఉన్నట్టే.

ఒక బట్టల దుకాణం సంగతి చూద్దాం. మార్చి 31న రెండు రకాల చీరల సరుకు మిగిలింది. పట్టుచీరలు కొన్నది లక్ష రూపాయలకు, ఫ్యాషన్ మారడంతో ఇప్పుడు అమ్మితే వచ్చేది 80,000. నూలుచీరలు కొన్నది 50,000కు, అమ్మితే 70,000 వస్తాయి. "మొత్తం కొన్న ధర 1,50,000, మొత్తం అమ్మకపు విలువా 1,50,000 కాబట్టి ప్రూడెన్స్ ప్రకారం సరుకును 1,50,000కే చూపవచ్చు." ఈ వాక్యం తప్పు. కొన్న ధర, నికరంగా అమ్మితే వచ్చే విలువ, ఈ రెండిట్లో తక్కువదాన్ని మామూలుగా ఏ రకానికా రకం విడిగా చూడాలి. పట్టుచీరలు 80,000, నూలుచీరలు 50,000, వెరసి 1,30,000. నూలుచీరల మీద రాబోయే లాభంతో పట్టుచీరల నష్టాన్ని కప్పేయడం కుదరదు. సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. నాకు ఈ తరహా ప్రశ్నలంటే అందుకే ఇష్టం.

ఒక వాక్యం ఒక్క సూత్రాన్నే పరీక్షించాలి. మ్యాచింగ్ దగ్గర ఈ నియమం తరచూ తప్పుతుంది. "ఖర్చును డబ్బు చెల్లించిన ఏడాదిలోనే రాయాలి" అన్నది తప్పే, కానీ అది అసలు తాకేది అక్రూయల్‌ను. మ్యాచింగ్ తెలుసో లేదో చూడాలంటే ఆదాయాన్నీ, దాన్ని తెచ్చిన ఖర్చునూ ఒకేచోట పెట్టాలి: "మార్చిలో జరిగిన 2,00,000 అమ్మకాల మీద సేల్స్‌మన్‌కు రావలసిన 10,000 కమిషన్ ఏప్రిల్‌లో చెల్లించారు కాబట్టి కొత్త ఏడాది ఖర్చు." తప్పు. అమ్మకం ఏ ఏడాదిదో కమిషనూ ఆ ఏడాదిదే.

గోయింగ్ కన్సర్న్‌తో వేరే చిక్కు. "సంస్థ ఎప్పటికీ మూతపడదని భావించడమే గోయింగ్ కన్సర్న్" అని రాస్తే, 'ఎప్పటికీ' అన్న మాటే జవాబు చెప్పేస్తుంది. 'మాత్రమే', 'అన్నీ' కూడా అంతే. దాని బదులు "వరుసగా రెండేళ్లు నష్టం వచ్చిన కంపెనీ గోయింగ్ కన్సర్న్ ప్రాతిపదికన ఖాతాలు రాయకూడదు" అనండి. విద్యార్థి ఆగి ఆలోచిస్తాడు. మూసేసే ఉద్దేశం గానీ, మూసెయ్యక తప్పని పరిస్థితి గానీ ఉందా అన్నది అసలు ప్రశ్న. నష్టం ఒక హెచ్చరికే, దానంతటదే తీర్పు కాదు. కాబట్టి ఈ వాక్యం తప్పు.

ప్రతి వాక్యం పక్కనా జవాబుతో పాటు కారణం, అది ఏ ప్రమాణం ప్రకారమో రాసి ఉంచాలి. "ప్రూడెన్స్ ఒక మౌలిక అకౌంటింగ్ భావన" అనుకోండి. మన ఏఎస్-1 మౌలిక భావనలుగా చెప్పేవి గోయింగ్ కన్సర్న్, కన్సిస్టెన్సీ, అక్రూయల్ మూడే. ప్రూడెన్స్‌ను అది అకౌంటింగ్ విధానాలు ఎంచుకునేటప్పుడు గమనించాల్సిన అంశంగా పేర్కొంది. కనుక ఏఎస్-1 ప్రకారం ఆ వాక్యం తప్పు. ప్రమాణం పేరు చెప్పకపోతే దాని మీద వాదన తెగదు. అంతర్జాతీయ ప్రమాణాల మండలి తన కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్‌లో 2010లో ప్రూడెన్స్‌ను తీసేసి 2018లో మళ్లీ చేర్చింది. పాత ప్రశ్నల కట్టను కళ్లు మూసుకుని వాడకూడదనేది ఇందుకే.

ఏమీ తెలియనివాడికీ సగం మార్కులు వచ్చే అవకాశం ఈ తరహా పరీక్షలో పెద్ద లోటు. ఒకే సందర్భం మీద రెండు వాక్యాలిచ్చి, రెండూ సరిగ్గా గుర్తిస్తేనే మార్కు ఇస్తే ఊహించి నెగ్గే అవకాశం నాలుగో వంతుకు పడిపోతుంది. చీరల లెక్కనే "సరుకు విలువ 1,50,000", "సరుకు విలువ 1,30,000" అని జంటగా ఇస్తే మాత్రం పని జరగదు, ఒకటి తెలిస్తే రెండోది తేలిపోతుంది. రెండో వాక్యం పట్టుచీరలకు కొనే ఖాయమైన బేరం 95,000కు ముందే కుదిరి ఉంటే విలువ ఎంత అవుతుందో అడగాలి.

పరీక్ష అయ్యాక జవాబులు తిరగెయ్యండి. బాగా చదివేవాళ్లు తప్పి, వెనకబడినవాళ్లు నెగ్గిన వాక్యం కనిపిస్తే లోపం చాలాసార్లు వాక్యంలోనే ఉంటుంది. దాన్ని బ్యాంకులోంచి తీసి, ఎక్కడ రెండర్థాలు వస్తున్నాయో చూసుకుని మళ్లీ రాయాలి.