జీన్స్ కొలత తొడ దగ్గర మొదలు

జీన్స్ పట్టీ మీద కనిపించే 30, 32 అంకెలు నడుముకు సంబంధించినవి. కానీ ముందు సరిపోవాల్సింది తొడలు, టైలర్లు సీటు అనే పిరుదుల భాగం. నడుము వదులైతే తర్వాత బిగించుకోవచ్చు. తొడ బిగుతైతే చేసేది దాదాపు ఏమీ ఉండదు, కుట్టు విప్పినా వదలడానికి లోపల బట్ట మిగలదు.

నడుము 29 అంగుళాలు, సీటు 41, తొడ 24 ఉన్న ఒక స్త్రీ కొలతలు చూద్దాం. మామూలు ఆడవారి జీన్స్‌ను నడుముకూ సీటుకూ సుమారు 10 అంగుళాల తేడా ఉంటుందనుకుని కత్తిరిస్తారు. ఈమెకు తేడా 12. అందుకే 29 సైజు తొడల దగ్గరే ఆగిపోతుంది. 31 సైజు ఎక్కుతుంది గానీ, కూర్చోగానే వెనక నడుము దగ్గర చెయ్యి దూరేంత సందు కనిపిస్తుంది. బెల్టు బిగిస్తే ఆ సందు మడతలు పడుతుందే తప్ప పోదు.

దీనికి దారులు రెండు. నడుము చిన్నగా, సీటు, తొడ విశాలంగా కత్తిరించే 'కర్వీ ఫిట్' దొరికితే అదే మేలు. లేదంటే 31 కొని, వెనక మధ్య కుట్టు దగ్గర టైలర్ చేత నడుము తగ్గించుకోవాలి. అంగుళం, అంగుళంన్నర వరకూ బాగానే కుదురుతుంది. అంతకు మించితే వెనక జేబులు రెండూ ఒకదాని మీదికొకటి వచ్చినట్టు అవుతాయి.

రైజ్ అంటే కాళ్ల మధ్య కుట్లు కలిసే చోటి నుంచి ముందు నడుము పట్టీ పైఅంచు వరకూ ఉన్న ఎత్తు. ఆడవారి జీన్స్‌లో ఇది 8 అంగుళాల లోపైతే లో రైజ్, 9 నుంచి 10 మిడ్, అంతకు పైన హై రైజ్ అని స్థూలంగా చెప్పవచ్చు. హై రైజ్ పట్టీ నడుము బాగా సన్నబడే చోట కూర్చుంటుంది, కాబట్టి పై కొలతల మనిషికి వెనక సందు అక్కడే ఎక్కువ. మిడ్ రైజ్ కాస్త కిందికి, ఒళ్లు వెడల్పయ్యే చోట ఆగుతుంది కనుక సందు తగ్గుతుంది. నడుము, సీటు దాదాపు ఒకే కొలత ఉన్నవారికి ఈ బెడద లేదు. వారికి మిడ్ రైజ్, స్ట్రెయిట్ కట్ సులువుగా కుదురుతాయి.

లావు తొడలకు స్కిన్నీ కన్నా స్ట్రెయిట్ నయం. పైన వదులుగా ఉండి మోకాలి కింద సన్నబడే ట్యాపర్డ్ కూడా బాగుంటుంది. ట్రయల్ రూమ్‌లో నిలబడి చూస్తే చాలదు, ఒకసారి కూర్చోవాలి. జిప్పు కింది నుంచి తొడల వైపు అడ్డగీతలు లాగినా, పక్క జేబులు నోరు తెరిచినా తొడ, సీటు బిగుతని అర్థం. పూర్తి నూలు డెనిమ్ వాడేకొద్దీ నడుము దగ్గర కొంచెం సాగుతుంది. కొన్నప్పుడు నడుము కాస్త పట్టినట్టున్నా ఫర్వాలేదు, తొడ దగ్గర మాత్రం కూడదు.