వాలిన డంబెల్ ఇరుసును ఎందుకు కుదుపుతుంది?

కారు టైరు మార్చినప్పుడు మెకానిక్ చక్రాన్ని బ్యాలెన్సింగ్ యంత్రానికి బిగించి తిప్పుతాడు. ఆ తర్వాత రిమ్ముకు లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి చిన్న బరువు ముక్కలు అతికిస్తాడు. ఒకవైపు అతికిస్తే చాలదా? చాలా సార్లు చాలదు. ఎందుకో ఒక డంబెల్‌తో చూద్దాం.

మీటరు పొడవున్న తేలికపాటి కడ్డీకి రెండు కొసలా కిలో చొప్పున గుండ్లున్నాయనుకోండి. కడ్డీని సరిగ్గా నడిమికి నిలువు ఇరుసుకు వెల్డింగ్ చేయించాం. అయితే అడ్డంగా కాదు, ఇరుసుతో 30 డిగ్రీల కోణం చేసేలా వాల్చి. ఇరుసును రెండు బేరింగుల్లో నిలిపి నిమిషానికి సుమారు 95 చుట్లు, అంటే సెకనుకు 10 రేడియన్ల చొప్పున తిప్పుదాం.

కోణీయ వేగం ఇరుసు వెంట నిలువుగా ఉంటుంది. కోణీయ ద్రవ్యవేగమూ అటే చూస్తుందని L = Iω బట్టీపట్టిన మనం అనుకుంటాం. ఒక్క గుండును పట్టుకుని లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. గుండు కోణీయ ద్రవ్యవేగం కడ్డీకీ, గుండు వేగానికీ రెండింటికీ లంబంగా ఉండాలి. కడ్డీకి లంబమంటే, నిలువు ఇరుసు వెంట ఉండే వీలే లేదు; 60 డిగ్రీలు పక్కకు ఒరుగుతుంది. రెండో గుండుకు స్థానం, వేగం రెండూ తిరగబడతాయి కాబట్టి దాని వాటా కూడా అదే దిశలో వచ్చి కలుస్తుంది. మొత్తం 2.5 యూనిట్లు. అందులో ఇరుసు వెంట ఉన్నది సగం, 1.25 మాత్రమే. మనం బట్టీపట్టిన సూత్రం చెప్పేది ఈ సగం గురించే!

ఒరిగిన ఆ బాణం డంబెల్‌తో పాటే చుట్టూ తిరుగుతుంది. పరిమాణం మారకపోయినా దిశ క్షణక్షణం మారుతోంది కదా, అలా మార్చడానికి టార్క్ కావాలి. ఇక్కడ అది సుమారు 22 న్యూటన్ మీటర్లు. డంబెల్‌తో పాటు తిరుగుతూ చూసినా ఇదే లెక్క వస్తుంది. ఒక్కో గుండు 25 న్యూటన్ల బలంతో బయటికి లాగుతుంది. రెండు లాగుళ్లూ సమానమే, ఎదురెదురే. కానీ ఒకటి పైన, ఒకటి 87 సెంటీమీటర్ల కింద ఉండటంతో ఇరుసును మెలిపెట్టాలని చూస్తాయి. బేరింగుల మధ్య దూరం అర మీటరైతే ఒక్కోదానిపై 43 న్యూటన్ల ఒత్తిడి, అదీ చుట్టూ తిరుగుతూ పడుతుంది. కడ్డీని ఇరుసుకు లంబంగా బిగించి ఉంటే ఈ గొడవే ఉండదు.

తమాషా ఏమిటంటే, ఆగి ఉన్నప్పుడు ఈ డంబెల్‌లో లోపం కనబడదు. గురుత్వ కేంద్రం ఇరుసు మీదే ఉంది కాబట్టి ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. బరువు లోపల ఒకచోట, బయట దానికి ఎదురుచోట ఎక్కువైన చక్రం కూడా సరిగ్గా ఇలాంటిదే. దాన్ని తిప్పితేనే బయటపడుతుంది, రెండు వైపులా ముక్కలు పెడితేనే సర్దుకుంటుంది. పైగా వేగం రెట్టింపైతే ఆ టార్క్ నాలుగు రెట్లవుతుంది. వీధిలో బాగానే నడిచిన కారు హైవే ఎక్కగానే స్టీరింగ్ అదిరితే, ముందు బ్యాలెన్సింగ్ చూపించండి.