ఏడు చుక్కలు, నాలుగు దాకా

‘మా బడిలో కంప్యూటరు లేదు. పిల్లలకు లూప్ అంటే ఏందో ఎట్ల చెప్పాలె?’ ఉట్నూరు వైపు పనిచేసే ఒక లెక్కల సారు వేసిన ప్రశ్న ఇది. 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచే పిల్లలకు కోడింగ్ పరిచయం చేయమంది. యంత్రాలు మాత్రం అన్ని బళ్ళకూ ఆ వేగంతో రాలేదు.

కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ పాఠం చెప్పడం కొత్తేమీ కాదు. న్యూజీలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, సహచరులు మైక్ ఫెలోస్, ఇయాన్ విటెన్‌లతో కలిసి 1990లలోనే చీటీలు, పేకలు, తాళ్ళతో ఆడించే పాఠాలు తయారు చేశాడు. వాటికి ‘కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్’ అని పేరు. ప్రపంచమంతా అవి వాడుతున్నారు. చిక్కల్లా మన దగ్గర లూప్ దాకా వచ్చేసరికి చాలామంది పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి తిప్పడం. బతుకమ్మ చుట్టూ తిరిగినట్టే లూప్ కూడా అని చెప్పి ముగించడం.

అది సగం పాఠమే. ఊరికే తిరగడం లూప్ కాదు. తిరిగిన ప్రతిసారీ ఏదో ఒకటి మారాలి, మారిన దాన్ని చూసి ‘ఇంకోసారి తిరగాలా, ఆగాలా’ అని ఎవరో అడగాలి. ఆ మార్పు ఎక్కడ జరుగుతోంది, ఆ ప్రశ్న ఎక్కడ అడుగుతున్నారు అన్నదే అసలు విషయం. పెద్ద పెద్ద ప్రోగ్రామర్లు తప్పులు చేసేదీ అక్కడే.

ఈ రెండూ ఉన్న వస్తువు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో వాకిలి వాకిలికీ కనిపిస్తుంది. పొద్దున్నే సాన్పు చల్లి వేసే చుక్కల ముగ్గు. ‘ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా, సందు చుక్క’ అంటే చాలు, పదేళ్ళ పిల్ల చకచకా పెట్టేస్తుంది. మధ్య వరుసలో ఏడు. కింద ఆరు, ఐదు, నాలుగు. పైన కూడా ఆరు, ఐదు, నాలుగు. ప్రతి చుక్కా ముందు వరుసలోని రెండు చుక్కల సందులోకి వస్తుంది. మొత్తం 37 చుక్కలు. ఎక్కడ మొదలు పెట్టాలి, ప్రతిసారీ ఎంత తగ్గించాలి, ఎక్కడ ఆగాలి అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ముగ్గుల్లో ఇంత క్రమం ఉందని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలోని గిఫ్ట్ సిరొమొని, రాణి సిరొమొని బృందం ఎప్పుడో గమనించింది. ముగ్గులను కంప్యూటర్‌కు అర్థమయ్యే వ్యాకరణంగా రాయవచ్చని 1974లోనే పరిశోధన పత్రం ప్రచురించింది.

ఇక బడి ఆవరణలోకి వద్దాం. కావలసినవి గుప్పెడు చింతగింజలు, ఒక పలక, నాలుగు చీటీలు, ముగ్గురు పిల్లలు. ఒకరు చీటీలు చదువుతారు, ఒకరు పలక పట్టుకుంటారు, ఒకరు గింజలు పెడతారు. పలక మీద ముందుగా 7 రాయాలి. మొదటి చీటీ: పలక మీది సంఖ్య నాలుగు గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉందా? లేకపోతే ఆగు. రెండోది: పలక మీద ఎంతుంటే అన్ని గింజలు వరుసగా పెట్టు. మూడోది: కింది వరుసకు దిగి, సందులోకి జరుగు. నాలుగోది: పలక మీది సంఖ్యలో ఒకటి తగ్గించి, మళ్ళీ మొదటి చీటీకి పో. ఇంట్లో గోండి మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలుంటే మాటల బదులు బాణాలు, అంకెలు గీసినా పని జరుగుతుంది.

సరిగ్గా చేస్తే 7, 6, 5, 4 వరుసలు పడతాయి. మొత్తం 22 గింజలు. ఇది మధ్య వరుస, కింది సగం. పై సగానికి మూడో చీటీలో ‘కింది వరుసకు దిగి’ బదులు ‘పై వరుసకు ఎక్కి’ అని మార్చి, పలక మీద 6తో మొదలు పెట్టాలి, అప్పుడు 15 వస్తాయి. అక్కడ కూడా 7తోనే మొదలు పెట్టే పిల్లలుంటారు. వాళ్ళకు మధ్య వరుస రెండుసార్లు పడి 44 తేలుతుంది.

అసలు వినోదం చీటీలు పాడు చేసినప్పుడు. నాలుగో చీటీలో ‘ఒకటి తగ్గించి’ అన్న ముక్క కొట్టేస్తే వరుసకు ఏడేసి గింజలు పడుతూనే ఉంటాయి, గింజలన్నా అయిపోవాలి, గోడన్నా అడ్డం రావాలి. మొదటి చీటీలో ‘నాలుగు గానీ’ అన్న ముక్క కొట్టేసి ‘నాలుగు కంటే ఎక్కువ’ అని మాత్రమే ఉంచితే 7, 6, 5తో ఆగిపోతుంది, 18 గింజలు. ఇప్పుడు ఆ చీటీని ఎప్పటిలా ఉంచి, తగ్గించే పనిని గింజలు పెట్టే పనికి ముందుకు జరపండి. 6, 5, 4, 3 పడతాయి. కూడి చూస్తే మళ్ళీ పద్దెనిమిదే!

రెండు వేర్వేరు తప్పులు, లెక్క ఒకటే. ఒకదానిలో ప్రశ్న తప్పు, రెండోదానిలో ప్రశ్న సరైనదే కానీ మార్పు తప్పు చోట ఉంది. మొత్తం లెక్కపెట్టి మార్కులు వేసే సారుకు ఈ తేడా ఎప్పటికీ దొరకదు. మొదటి వరుస, చివరి వరుస చూడాలి. మొదటి వరుసలో ఆరు ఉంటే సంఖ్య ముందే తగ్గింది. మొదటి వరుసలో ఏడు ఉండి చివర్లో ఐదు ఉంటే ఆగే ప్రశ్నలో లోపం.

ఒకటి తేడాతో తప్పడం పిల్లలకే పరిమితం కాదు. జూలియస్ సీజర్ నాలుగేళ్ళకొక లీపు సంవత్సరం పెట్టమని చెప్పి పోతే, రోము పూజారులు గడిచిన లీపు సంవత్సరాన్నే ఒకటిగా లెక్కపెట్టి మూడేళ్ళకొకసారి పెట్టారు. 36 ఏళ్ళలో 9 రోజులు కలపాల్సింది 12 కలిపారు. చివరికి అగస్టస్ చక్రవర్తి మూడు లీపు సంవత్సరాలు ఎత్తేసి పంచాంగాన్ని దారికి తెచ్చాడు. ఎక్కడి నుంచి లెక్క మొదలు పెట్టాలో తెలియక ఒక సామ్రాజ్యం తేదీలే తప్పాయన్నమాట.

ఈ ఆటను చెడగొట్టేది పిల్లల తెలివి. చీటీ తప్పుగా ఉన్నా, ముగ్గు తెలిసిన పిల్ల గుట్టుగా సర్దేసి సరైన ముగ్గే పెడుతుంది. యంత్రం అలా సర్దదు. అందుకే గింజలు పెట్టే పిల్లకు చీటీలు కనిపించకూడదు, ఒక్కో మాటే వినిపించాలి. ఏ ముగ్గు వస్తుందో కూడా ముందు చెప్పకూడదు. ఇంకో పరిమితి కూడా ఉంది. ఆట బాగుందని పిల్లలు నవ్వి ఇంటికి పోతే, దానికీ కంప్యూటర్‌కూ సంబంధం ఉందని వాళ్ళకు తట్టకపోవచ్చు. ఇజ్రాయెల్‌లో ఇలాంటి పాఠాలను పరిశీలించిన టౌబ్, ఆర్మోనీ, బెన్-ఆరీలు 2012లో తేల్చింది కూడా ఇంచుమించు ఇదే. ఆటను అసలు భావనతో విప్పి చెప్పి కలపాలి. అందుకని గింజలు తీయకముందే నల్లబల్ల మీద ఈ ఐదు పంక్తులు రాయాలి:

```
n = 7
while n >= 4:
    for i in range(n): print("o", end=" ")
    print()
    n = n - 1
```

పలక ఏది, ఆగే ప్రశ్న ఏది, తగ్గించే చీటీ ఏది అని వేలు పెట్టి చూపించమంటే పిల్లలు చూపిస్తారు. వరుసలోని గింజలు ఒక్కొక్కటే పెట్టడం కూడా లూపేనని, అది పెద్ద లూప్ లోపల ఉందని మూడో పంక్తి దగ్గర తెలుస్తుంది. సందులోకి జరగడం మాత్రం ఈ పంక్తుల్లో లేదు. అది ఎక్కడ చేర్చాలన్నది పెద్ద తరగతి పిల్లలకు వదిలేయవచ్చు.

ఇదంతా చేశాక పరీక్షలో ‘లూప్ అనగానేమి?’ అని రెండు మార్కుల ప్రశ్న అడిగితే ఏం లాభం? పలక, నాలుగు చీటీలు బొమ్మ వేసి ఇచ్చి ‘పద్దెనిమిది గింజలు పడ్డాయి, తప్పు ఎక్కడ?’ అని అడిగితే పిల్లవాడికి ఏం తెలుసో తేలిపోతుంది. సార్లు, మేడమ్‌లు ముందు తామే తొమ్మిది చుక్కలు, ఐదు దాకా పెట్టి చూసుకోవాలి. 61 రావాలి.