ముందు నూనె, తర్వాతే పసుపు

ఫోటోలో ఉన్నది మీగడ రంగు మంగళగిరి నూలు చీర, ఎర్రంచు. కుచ్చిళ్ల మీద అరచేతి వెడల్పున సాంబారు మరక. మధ్యలో చిక్కటి పసుపు, దాని చుట్టూ ఇంకా తడి ఆరనట్టు ఓ అంచు. చీర మీద సాంబారు పడి రాత్రి గడిచిందట. అయినా ఆరలేదంటే అది నీటి తడి కాదు, పోపు నూనె. అంటే ఇక్కడ ఉన్నవి రెండు మరకలు.

ఎర్రంచు రంగు దిగుతుందో లేదో మాత్రం ఫోటో చెప్పదు. సబ్బు నీళ్లలో తడిపిన తెల్లగుడ్డను అంచు లోపలి వైపు ఒక నిమిషం అదిమి చూడాలి. గుడ్డకు ఎరుపు అంటితే ఇంట్లో ఉతకకుండా డ్రైక్లీనింగ్‌కు ఇవ్వడమే మేలు.

పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నూనె వదలనిదే పసుపు కదలదు. మరక కింద పాత తువ్వాలు పరిచి, పైన టాల్కం పౌడరు చల్లి అరగంట ఉంచి దులపాలి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు వేసి, మరక అంచు నుంచి మధ్యకు వేలికొసతో మెల్లగా రుద్దాలి. బ్రష్షు పెడితే నూలు పోగు లేస్తుంది. పది నిమిషాలాగి, చీర వెనక వైపు నుంచి చన్నీళ్లు ధారగా పోయాలి. నీడలో ఆరాక ఆ తడి అంచు కనబడకపోతే నూనె పోయినట్టే. కనబడితే మళ్లీ లిక్విడ్ వేయాలి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టొద్దు, వేడికి అది పోగులో పాతుకుపోతుంది.

బట్టల సబ్బు తగిలితే పసుపు ఒక్కసారిగా ఎర్రబడుతుంది. చాలామంది హడలిపోయేది ఇక్కడే. దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపు, సున్నం కలిసి చేసే పనే ఇదీ. సబ్బులోని క్షారం పోయేలా బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది.

మిగిలిన పసుపుకు మందు ఎండే. వెలుతురుకు కుర్కుమిన్ విరిగిపోతుంది. మరక ఉన్నచోట తడిపి, ఎర్రంచు మీద మందపాటి గుడ్డ కప్పి, అరగంటకోసారి చూస్తూ ఎండలో ఉంచాలి. ముదురు రంగు చీరకు ఇది పనికిరాదు, మరకతోపాటు అద్దకమూ వెలుస్తుంది.

బ్లీచింగ్ జోలికి పోవద్దు. అది అద్దకాన్ని తినేస్తుంది, నూలును బలహీనం చేస్తుంది, జరీని నల్లబరుస్తుంది. కలంకారీ చీర అయితే నిమ్మరసమూ వద్దు. అందులోని నలుపు బెల్లం నీళ్లలో ఇనుము ఊరబెట్టి తీసింది, పులుపు తగిలితే వెలిసిపోతుంది. ఆ చీరకు నూనె తీయడంతోనే ఆగాలి, లేత పసుపు జాడ ఉన్నా సరే.